అమెరికా నుంచి పంపిన డాలర్లు ఎన్నారై ఖాతాలో పడలేదు, బ్యాంకుకి ఉత్తరం ఎలా రాయాలి?

రాజాం_రమణ (15వ తేదీ, ఉదయం)

అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌లో ఉంటున్నాను, మాది రాజాం. ఈ నెల 4న ఇక్కడి బ్యాంకు నుంచి 15,000 డాలర్లు రాజాం శాఖలోని నా సొంత ఎన్‌ఆర్‌ఈ ఖాతాకి వైర్ చేశాను. ఇక్కడ ఖాతాలోంచి అదే రోజు తీసేసుకున్నారు. అక్కడ ఇవాళ్టికీ పడలేదు. నాన్న శాఖకి వెళ్తే కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి "ఏమీ రాలేదండీ, అమెరికాలోనే అడగమనండి" అని పంపేసింది. ఇక్కడివాళ్ళు "మేం పంపేశాం, మీ ఇండియా బ్యాంకునే అడుగు" అంటున్నారు. స్థలం అమ్మే ఆయనకి నెలాఖరు గడువు. మేనేజరు గారికి ఈ ఉత్తరం పంపుదామనుకుంటున్నాను, ఎలా ఉందో చెప్పండి.

> గౌరవనీయులైన మేనేజరు గారికి, నేను మీ శాఖలో చాలా ఏళ్ళుగా ఖాతాదారుని. మా నాన్నగారు కూడా మీ ఖాతాదారులే. నేను కష్టపడి సంపాదించిన సొమ్ము ఈ నెలలో పంపాను. ఇంతవరకు జమ కాలేదు. మా నాన్నగారు పెద్దవయసులో మీ శాఖ చుట్టూ తిరుగుతున్నారు. దయచేసి వెంటనే జమ చేయించగలరు. లేకపోతే పై అధికారులకు ఫిర్యాదు చేయవలసి వస్తుందని తెలియజేసుకుంటున్నాను.

చీపురుపల్లి_శీను

రమణా, నాకు తెలిసి ఇది జిల్లా గొడవ. 2022 ఏప్రిల్లో రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరానికి వచ్చేసింది కదా. నువ్వు పంపినప్పుడు బ్యాంకు చిరునామాలో ఏ జిల్లా రాశావు? అది కలవక ఎక్కడో ఆగిపోయుంటుంది. ఎంటీ103 కాపీ తెప్పించి శాఖలో పడెయ్, అది చూపించాక డబ్బు రాలేదని ఎవరూ అనలేరు.

ఉద్దానం_వెల్డర్

నాకూ ఇలాగే అయ్యింది బావూ. కువైట్లో ఎక్స్ఛేంజి కాడ కడితే మర్నాడికి ఇంటికాడ పడిపోవాల, వారమైనా పళ్ళేదు. మావోడు కవిటి బ్యాంకుకి వెళ్తే లేదన్నారు. ఆఖరికి ఎక్స్ఛేంజి వోడే యూటీఆర్ నంబరు ఇచ్చేడు. అది చూపిస్తే ఖాతా నంబర్లో ఒక అంకె తేడా అని తేలింది, డబ్బు వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చింది. నువ్వూ ఆ యూటీఆర్ అడుగు, గంటలో తేలిపోద్ది.

సత్యం_మాస్టారు

రమణ గారూ, విశాఖలో ఒక బ్యాంకు ఫారెక్స్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. మీ ఉత్తరంలో మర్యాద ఉంది, బాధ ఉంది. వెతకడానికి పనికొచ్చే ముక్క మాత్రం ఒక్కటీ లేదు. ఎంత పంపారో, ఏ కరెన్సీలోనో, ఏ తేదీనో, ఏ బ్యాంకు ద్వారానో ఏమీ లేదు. ఇది అందుకున్నవాడు మంచివాడైనా ఏం చేయలేడు.

శీను గారి జిల్లా మాట పక్కన పెట్టండి. బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ సందేశం బ్యాంకు కోడ్‌ని బట్టి వస్తుంది, ఖాతా నంబరూ పేరూ చూసి జమ అవుతుంది. జిల్లా పాతదో కొత్తదో ఎవరూ పట్టించుకోరు. ఎంటీ103 తెప్పించమన్నది సగం సరైన మాట. అది "ఫలానా వారికి ఇంత ఇవ్వండి" అనే ఆదేశం, డబ్బు చేరిందనడానికి రుజువు కాదు. ఆదేశం నేరుగా ఇండియాకి వచ్చేసి, అసలు డాలర్లు న్యూయార్క్‌లోని మధ్యవర్తి బ్యాంకుల ద్వారా వేరే దారిలో వచ్చే పద్ధతీ ఉంది. అలాంటప్పుడు కాగితం చేతిలో ఉన్నా డాలర్లు విదేశీ బ్యాంకులో తమ పేర ఉండే నోస్ట్రో ఖాతాలో పడేదాకా ఇక్కడి బ్యాంకు జమ చేయదు.

ఉద్దానం తమ్ముడూ, నీది వేరే దారి. గల్ఫ్ ఎక్స్ఛేంజి వాళ్ళు ఇక్కడి బ్యాంకులో ముందే ఉంచుకున్న రూపాయల్లోంచి పంపిస్తారు, చివరి అంచె ఎక్కువగా నెఫ్ట్‌లో వస్తుంది. అందుకే నీకు యూటీఆర్ దొరికింది. రమణ గారు పంపింది డాలర్లు, రూపాయలుగా మారకముందే ఎక్కడో ఆగాయి. ఆయనకి ఇంకా యూటీఆర్ పుట్టనే లేదు.

రమణ గారూ, మీ అమెరికా బ్యాంకుని "డబ్బు ఎక్కడ?" అని అడగకండి, వాళ్ళు మళ్ళీ "పంపేశాం" అనే అంటారు. యూఈటీఆర్ అడగండి. అది మీ చెల్లింపు గుర్తింపు సంఖ్య, 36 అక్షరాలుంటుంది, మధ్యలో గీతలతో. 2018 నవంబరు నుంచి ఇలాంటి ప్రతి చెల్లింపుకీ అది తప్పనిసరి, దారిలో ఎన్ని బ్యాంకులు మారినా మారదు. దాన్ని స్విఫ్ట్ ట్రాకర్లో కొట్టి, చివరి స్థితి ఏ బ్యాంకు పెట్టిందో, కోడ్‌తో సహా చెప్పమనండి. పంపిన సందేశం పూర్తి కాపీ కూడా తీసుకోండి.

లక్ష్మి_బొబ్బిలి

కౌంటర్లో అమ్మాయిని తిట్టకండి రమణ గారూ, నేనూ అదే కుర్చీలో కూర్చుంటాను. ఆవిడకి కనిపించేది మీ ఖాతా స్టేట్‌మెంటు ఒక్కటే. విదేశీ డబ్బు ముందు ముంబైలోనో మరో ఊళ్ళోనో ఉండే ఫారెక్స్ సెంటర్‌కి వస్తుంది. వాళ్ళు రూపాయల్లోకి మార్చి వదిలాకే మా తెరమీద కనిపిస్తుంది. వాళ్ళ దగ్గర ఆగి ఉన్నా మాకు "ఏమీ లేదు" అనే ఉంటుంది. వాళ్ళకేదైనా అనుమానం వస్తే శాఖ మెయిల్‌కి ఒక ప్రశ్న పెడతారు. నెలాఖరు హడావిడిలో ఆ మెయిలు మూడు వందల మెయిళ్ళ కింద ఉంటుంది, నిజం చెప్తున్నా.

ఇంకోటి, నాన్నగారికి మేం వివరాలు చెప్పకూడదు, ఆయన ఆ ఖాతాదారు కాదు. రిజిస్టర్ చేసుకున్న మీ మెయిల్ నుంచే ఉత్తరం పంపండి, "ఈ విషయంలో మా నాన్నకి సమాధానం చెప్పవచ్చు" అని అందులోనే రాసి సంతకం పెట్టండి. అప్పుడు ఆయన వస్తే కుర్చీ వేసి మాట్లాడతాం.

రాజాం_రమణ (16వ తేదీ)

మాస్టారూ, మీరన్నట్టే అడిగాను. మొదట ఫోన్లో అమ్మాయికి ఆ పేరే తెలియదు, వైర్ డిపార్ట్‌మెంటుకి మార్చాక ఇచ్చారు. చివరి స్థితి పెట్టింది ఇండియాలోని మా బ్యాంకే, 5వ తేదీన. కోడ్ `ACSP/G003` అని ఉంది. మొత్తం 14,975 డాలర్లు అని ఉంది, 25 డాలర్లు మధ్యలో ఎవరో కోసుకున్నారు. సందేశం కాపీలో పేరూ ఖాతా నంబరూ సరిగ్గానే ఉన్నాయి. అంటే డబ్బు మా బ్యాంకు దగ్గరే ఉన్నట్టా?

చీపురుపల్లి_శీను

చూశావా, ఇండియాకి వచ్చేసింది. ఇక శాఖ ముందు కూర్చోమను నాన్నని.

సత్యం_మాస్టారు

కూర్చోబెట్టకండి పాపం. `G003` అంటే లబ్ధిదారు నుంచి కాగితాలో వివరణో రావాలి, అందుకే జమ ఆపాం అని మీ బ్యాంకు స్వయంగా ప్రపంచానికి చెప్పుకున్న మాట. డాలర్లే ఇంకా అందకపోతే `G004` అని పెట్టేవాళ్ళు. కాబట్టి 5వ తేదీకే మీ సొమ్ము వాళ్ళ చేతిలో ఉన్నట్టే లెక్క, ఎందుకు ఆపారన్నదే తేలాలి. రమణ గారూ, కాపీలో రెమిటెన్స్ ఇన్ఫర్మేషన్ అనే గడి ఉంటుంది, పాత పద్ధతిలో 70వ నంబరు. అందులో ఏముంది?

రాజాం_రమణ

`LAND PURCHASE RAJAM` అని ఉంది మాస్టారూ. పంపేటప్పుడు కారణం అడిగితే కౌంటర్లో చెప్పాను, ఆయన అలా కొట్టినట్టున్నాడు.

సత్యం_మాస్టారు

అదే పట్టుకుంది. ఎన్నారైలు ఇండియాలో ఇల్లు కొనవచ్చు, ఇంటిస్థలం కొనవచ్చు, షాపు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం కొనకూడదు, విదేశీ మారకపు చట్టం ఫెమా ఒప్పుకోదు. ఫారెక్స్ సెంటర్లో కూర్చున్న కుర్రాడికి రాజాం ఊరో పొలమో తెలియదు. "ల్యాండ్" అన్న మాట చూశాడు, ఏ భూమో అడగమని శాఖకి రాసి పక్కన పెట్టాడు. అతని తప్పేమీ లేదు. ప్రశ్న మీదాకా రాకపోవడమే తప్పు.

నిజానికి సొంత ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో మీ డబ్బు మీరు వేసుకోవడానికి భూమి సంగతే అక్కర్లేదు. దానికి `P0014` అని పర్పస్ కోడ్ ఉంది, ఎన్నారై డిపాజిట్ల కింద. ఖాతాలో పడ్డాక దేనికి వాడతారన్నది రెండో విషయం. కానీ ఆ మాట ఇప్పటికే కాగితం మీదకి ఎక్కింది కాబట్టి దాటేయకుండా జవాబు చెప్పాలి. మీరు కొనేది ఇంటిస్థలమేనా?

రాజాం_రమణ

లేఅవుట్లో ప్లాటు మాస్టారూ, 200 గజాలు. అగ్రిమెంటు కాగితం నాన్న దగ్గరుంది.

కొత్తవలస_కిరణ్

ఇంత తతంగం ఎందుకు అన్నా. అమెరికా బ్యాంకుకి చెప్పి రీకాల్ చేయించు, డబ్బు వెనక్కి వస్తుంది. ఈసారి ఏదైనా యాప్‌లో పంపు, రెండు రోజుల్లో పడుతుంది. నేను అవే వాడతాను.

లక్ష్మి_బొబ్బిలి

కిరణ్ గారూ, రీకాల్ అడిగిన క్షణం నుంచి మా వైపు ఆ ఫైలు "తిరిగి పంపాలి" అనే బల్ల మీదకి పోతుంది. అప్పుడు కాగితాలిచ్చినా జమ చేయరు. వెనక్కి వెళ్ళేటప్పుడు మధ్యవర్తి బ్యాంకులు మళ్ళీ చార్జీలు కోస్తాయి, ఎప్పటికి చేరుతుందో ఎవరూ చెప్పలేరు. నెలాఖరు గడువున్నాయనకి ఇది సలహా కాదు. ఖాతా నంబరు తప్పయితే వేరే సంగతి.

కొత్తవలస_కిరణ్

సరే సరే, నాకు పని జరిగింది కాబట్టి చెప్పాను.

సత్యం_మాస్టారు

రమణ గారూ, ఉత్తరం ఇలా మార్చాను. బ్యాంకుకి ఇంగ్లీషులో పంపండి, అది ముంబైలో చదివేవాడికి కూడా అర్థం కావాలి. ఇక్కడ అందరూ చదువుతారని తెలుగులో పెడుతున్నాను. శాఖకి పంపుతూ బ్యాంకు ఎన్నారై విభాగం మెయిల్‌కీ ఫారెక్స్ సెంటర్‌కీ నకలు పెట్టండి. ఆ చిరునామాలు బ్యాంకు సొంత వెబ్‌సైటులోంచే తీసుకోండి. గూగుల్లో కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేసి ఖాతా వివరాలు చెప్పారంటే ఉన్నది కూడా పోతుంది.

> విషయం: 14,975 అమెరికన్ డాలర్ల విదేశీ జమ, 5వ తేదీ నుంచి నా ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు చేరకపోవడం గురించి
>
> అయ్యా,
>
> మీ రాజాం శాఖలో నా ఎన్‌ఆర్‌ఈ పొదుపు ఖాతా నంబరు ______. ఈ ఖాతాకు నేనే, అమెరికాలోని నా సొంత ఖాతా నుంచి, 4వ తేదీన 15,000 డాలర్లు పంపాను. చార్జీలు పోను మీకు చేరినది 14,975 డాలర్లు. యూఈటీఆర్: ______ (36 అక్షరాలు). పంపిన బ్యాంకు రిఫరెన్సు: ______. సందేశం కాపీ జతచేశాను.
>
> ట్రాకర్ ప్రకారం ఈ చెల్లింపుపై 5వ తేదీన మీ బ్యాంకు నమోదు చేసిన స్థితి `ACSP/G003`. అంటే లబ్ధిదారు నుంచి వివరాలు కావాలి. అయితే ఏ వివరాలు కావాలో నాకు ఈ రోజు వరకు ఫోను, మెయిలు, ఉత్తరం ఏదీ రాలేదు.
>
> సందేశంలో `LAND PURCHASE RAJAM` అని ఉన్నందున స్పష్టత ఇస్తున్నాను. ఇది నా సొంత ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో జమ చేసుకునే సొమ్ము, పర్పస్ కోడ్ `P0014`. తరువాత నేను కొనదలచినది ఆమోదం పొందిన లేఅవుట్లోని నివాస స్థలం, వ్యవసాయ భూమి కాదు. ఒప్పందం నకలు, పాస్‌పోర్టు, వీసా నకళ్ళు జతచేశాను.
>
> దయచేసి ఈ మూడు విషయాలకు రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి. ఈ మొత్తం మీ నోస్ట్రో ఖాతాలో ఏ తేదీన పడింది? ఇంకేదైనా పత్రం కావాలా, కావాలంటే ఏది? మీ విభాగం శాఖకు ప్రశ్న పంపి ఉంటే ఏ తేదీన పంపింది?
>
> జమ చేసేటప్పుడు ఆలస్యానికి వడ్డీ, మారకపు రేటులో నాకు కలిగిన నష్టం మీ పరిహార విధానం ప్రకారం చెల్లించవలసిందిగా కోరుతున్నాను. దీన్ని ఫిర్యాదుగా నమోదు చేసి నంబరు తెలియజేయండి. ఈ విషయంలో మా తండ్రిగారికి సమాచారం ఇవ్వడానికి నా సమ్మతి ఉంది.

బెదిరింపు ముక్క తీసేశాను, చూశారా. ఫిర్యాదు నంబరు అడగడమే చాలు. ఆ నంబరు పుట్టిన రోజు నుంచి 30 రోజులు దాటినా తేలకపోతే, లేదా ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి `cms.rbi.org.in` లో పెట్టుకోవచ్చు. ముందు బ్యాంకుకి రాయకుండా అక్కడికి వెళ్తే తోసేస్తారు.

ఉద్దానం_వెల్డర్

మాస్టారూ, మాలాటోళ్ళకి ఇంత ఉత్తరం రాయడం ఎలాగ? మా కాడ సగం మంది వాయిస్ మెసేజీలే.

సత్యం_మాస్టారు

నీకు ఇంత అక్కర్లేదు తమ్ముడూ. రసీదు నంబరూ యూటీఆర్, పంపిన రోజు, ఖాతా నంబరు, అంతే. నీ రసీదు ఫోటో పారేయకు, అదే నీ ఉత్తరం.

రాజాం_రమణ (22వ తేదీ)

పడింది! నిన్న 21న జమ చేశారు, 12,37,534 రూపాయలు. జీఎస్టీ వెయ్యి పైచిలుకు వేరేగా తీసుకున్నారు. ఉత్తరం వెళ్ళిన మర్నాడే శాఖ నుంచి మేనేజరు గారు స్వయంగా నాన్నకి ఫోన్ చేశారట. ప్రశ్న 5వ తేదీనే శాఖ మెయిల్‌కి వచ్చిందని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, నోస్ట్రోలో పడింది కూడా అదే రోజు. లక్ష్మి గారు చెప్పినట్టే మెయిళ్ళ కింద ఉండిపోయింది.

కానీ పరిహారం ఇవ్వరట. "కాగితాలు మీరు 17న ఇచ్చారు, అంతవరకు జరిగిన ఆలస్యం మాది కాదు" అని రాశారు. రేటు 82.64 వేశారు. 7వ తేదీన వాళ్ళు రోజూ ప్రకటించే కార్డు రేటు 83.10 ఉంది, ఆ రోజు పేజీ స్క్రీన్‌షాట్ మా తమ్ముడి దగ్గర దొరికింది.

సత్యం_మాస్టారు

లెక్క చూద్దాం. ఫారెక్స్ బ్యాంకుల సంఘం ఫెడాయ్ నిబంధన ప్రకారం డబ్బు అందిన సమాచారం వచ్చాక రెండు పని దినాల్లో ఖాతాదారుకి చెల్లించాలి, లేదా కనీసం తెలియజేయాలి. లేకపోతే తమ పొదుపు ఖాతా రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. రేటు పడిపోయి ఉంటే ఆ నష్టం కూడా బ్యాంకు సొంత పరిహార విధానం ప్రకారం ఇవ్వాలి. మీ బ్యాంకు పొదుపు రేటు 3 శాతం అనుకుంటే మొత్తం 5. మీకు ఆ రెండు పని దినాలు 7న ముగిశాయి, ఆ రోజు రేటుకి 14,975 డాలర్లు అంటే 12,44,422 రూపాయలు. 7 నుంచి 21 వరకు 14 రోజులకి వడ్డీ సుమారు 2,386 అవుతుంది. రేటు తేడా డాలరుకి 46 పైసలు, అంటే 6,888. కలిపితే తొమ్మిది వేల పైనే.

వాళ్ళ వాదనకి జవాబు వాళ్ళ ఉత్తరంలోనే ఉంది. "తెలియజేయాలి" అన్నది ఖాతాదారుకి. శాఖకి మెయిల్ పెట్టుకోవడం బ్యాంకు తనకి తాను చెప్పుకోవడమే. మీరు కాగితాలు 17న ఇచ్చారంటే, అడిగుంటే 6నే ఇచ్చేవారు.

లక్ష్మి_బొబ్బిలి

మాస్టారూ, మీ మాట న్యాయంగానే ఉంది, కానీ మా ఆఫీసులో అయితే వడ్డీ ఇచ్చి రేటు తేడా ఇవ్వరు. "రేటు పెరిగి ఉంటే ఆయన తిరిగి ఇచ్చేవాడా?" అని అడుగుతారు. ఏ రోజు రేటుతో పోల్చాలో ఒక్కో బ్యాంకు విధానంలో ఒక్కోలా ఉంటుంది. రమణ గారు ముందు వెబ్‌సైటులో వాళ్ళ పరిహార విధానం తెరిచి ఆ పేరా చదవాలి.

సత్యం_మాస్టారు

అందుకు ఒప్పుకుంటాను. విధానంలో ఆ పేరా ఉంటే దాని నంబరు వేసి రెండో ఉత్తరం రాయండి, పాత ఫిర్యాదు నంబరు మీదే. స్క్రీన్‌షాట్‌లో తేదీ కనిపించాలి, లేకపోతే బ్యాంకునే 7వ తేదీ కార్డు రేటు అడగండి, వాళ్ళ దగ్గర ఉంటుంది.

చీపురుపల్లి_శీను

తొమ్మిది వేలకి అంబుడ్స్‌మన్ దాకా వెళ్తావా రమణా? అదే శాఖలో రేపు నాన్నగారికి పని పడదా?

రాజాం_రమణ

అదే ఆలోచిస్తున్నాను శీనన్నా. వడ్డీ వరకు అడుగుతాను, రేటు తేడా సంగతి నాన్నతో మాట్లాడి చూస్తాను. రిజిస్ట్రేషన్ 28న పెట్టుకున్నారు. మాస్టారూ, మిగతా సొమ్ము ఇంకో 10,000 డాలర్లు వచ్చే నెల పంపాలి, కారణం గడిలో ఏం రాయించమంటారు?

సత్యం_మాస్టారు

`CREDIT TO OWN NRE ACCOUNT` అని మాత్రమే. పంపిన రోజే యూఈటీఆర్ అడిగి పుచ్చుకోండి.